వంకలకూ ఒక వేళ

రామ్మోహనరావుకి తప్పు కనబడిందంటే నోరు ఊరుకోదు. ఎవరైనా శుభలేఖ చేతిలో పెడితే ముహూర్తం చూడడు, ముందు అచ్చుతప్పు చూస్తాడు. పెళ్లికెళ్లి బంతిలో కూర్చుంటే వడ్డనలో వరస ఎక్కడ తప్పిందో చెప్పందే మెతుకు ముట్టడు. అలాగని చెడ్డవాడా అంటే, అబ్బే, ఎంతమాట! ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే అందరికంటే ముందు వెళ్లి ఆస్పత్రి బెంచీ మీద కూర్చునేది ఆయనే. ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు. ఇంజనీర్లు పంపే ఎస్టిమేట్లు తనిఖీ చేసే సెక్షను. తప్పులు పట్టినందుకే నెలనెలా జీతం ఇస్తుంటే ఆ గుణం ఎక్కడికి పోతుంది చెప్పండి!

అలాంటి మనిషి నలభై ఎనిమిదో ఏట పంజాగుట్టలో ఒక కాలేజీలో సాయంకాలం ఎంబీఏలో చేరాడు. అడిగినవాళ్లకి ప్రమోషన్ కోసమని చెప్పేవాడు. అసలు సంగతి భార్య వసుమతికి ఒక్కదానికే తెలుసు. డిగ్రీ అవుతూనే తండ్రి పోవడంతో చిన్నవయసులోనే ఆ ఉద్యోగంలో పడ్డాడాయన. నలుగురు స్నేహితులతో కలిసి యూనివర్సిటీ చదువు చదవాలన్న కోరిక అలాగే ఉండిపోయింది. కూతురు సంహిత ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్లిపోయాక ఆ కోరిక మళ్లీ లేచి కూర్చుంది.

"వెళ్లండి, వెళ్లి చేరండి. మీకు సాయంత్రాలు కాలక్షేపం, నా కూరకి వంకలు తప్పుతాయి" అంది వసుమతి.

అది రెండువేల ఆరో సంవత్సరం. జావా, డాట్‌నెట్, ఒరాకిల్ అని అమీర్‌పేటలో గోడ కనబడకుండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులు. క్లాసులో అందరూ పాతికేళ్ల లోపువాళ్లో, కాస్త అటూ ఇటూవాళ్లో. కంపెనీ బ్యాడ్జీలు మెళ్లో వేసుకుని నేరుగా ఆఫీసుల నుంచి వచ్చేవారు. ఈయనని చూస్తే లేచి నిలబడి "నమస్తే సార్" అనేవారు, అప్పటిదాకా నవ్వుతున్న నవ్వు ఆపేసేవారు. క్యాంటీన్లో ఈయన కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. మర్యాద, మర్యాద, ఎటు చూసినా మర్యాదే! ఒక సెమిస్టరంతా ఆయన ఒక్కడే టీ తాగాడు.

రెండో సెమిస్టర్‌లో డాక్టర్ జానకీదేవి అనే లెక్చరర్ గ్రూప్ అసైన్‌మెంట్ ఇచ్చింది. నలుగురేసి ఒక గ్రూపు కట్టుకోమంది. క్లాసంతా కుర్చీలు ఈడ్చుకుంటూ గోలగోలగా కలిసిపోయింది. రామ్మోహనరావు తన బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుని కూర్చున్నాడు. అందరూ కుదురుకున్నాక ఈయన ఒక్కడూ మిగిలాడు. ముగ్గురే ఉన్న ఒక గ్రూపుని చూపించి, "రామ్మోహనరావు గారూ, మీరు వాళ్లతో కూర్చోండి" అంది జానకీదేవి. ఆయన వెళ్లి కూర్చున్నాడు. ఆ ముగ్గురూ చటుక్కున సర్దుకుని కూర్చున్నారు. మార్కుల మాట దేవుడెరుగు, ఈ ముగ్గురూ తనని నెత్తిన పడ్డ బరువనుకోకుండా తమవాడనుకుంటే చాలు, అదొక్కటే అనుకున్నాడాయన.

"గ్రూపు పని సాగాలంటే రకరకాల మనుషులు కావాలి" అని చెప్పింది జానకీదేవి. "అందర్నీ కలుపుకుని, ఎవరి పని వాళ్లకి పంచి, మనం ఎక్కడికి వెళ్తున్నామో గుర్తుచేసేవాళ్లు కోఆర్డినేటర్. కొత్త ఆలోచన తెచ్చేవాళ్లు ఒకరుండాలి. ఆ ఆలోచనని పనిగా మార్చి చేసి చూపించేవాళ్లు ఇంప్లిమెంటర్. చేసినదాన్ని తూచి, లోటెక్కడో చెప్పేవాళ్లు క్రిటిక్. ఇవి హోదాలు కావు, స్వభావాలు. ఎవరికేది నప్పుతుందో చూసుకుని పంచుకోండి. రిపోర్టుకి సగం మార్కులు, పాత్రలు ఎలా పంచుకుని ఎలా సరితూచుకున్నారో చెప్పినందుకు సగం."

'హోదాలు కావు' అని నలుగురూ నోట్సులో రాసుకున్నారు. రాసుకుని, క్యాంటీన్‌కి వెళ్లి, సరిగ్గా దానికి విరుద్ధంగా చేశారు.

ఆ ముగ్గురిలో మధులత అమీర్‌పేట మైత్రీవనం భవనంలో ఒక కోచింగ్ సెంటర్లో ముందు బల్ల దగ్గర పనిచేస్తుంది. వచ్చిన పిల్లలకి ఏ కోర్సు మంచిదో చెప్పడం, బ్యాచీలు కుదర్చడం ఆమె పని. వాళ్లది నల్లగొండ వైపు. భార్గవ్‌ది కాకినాడ, పంజాగుట్టలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రామర్. నిమిషానికో ఐడియా చెప్తాడు, ఒక్కటీ పూర్తిచేయడు. రాఘవేందర్ సెల్‌ఫోన్ కనెక్షన్లు అమ్మే కుర్రాడు. ఉన్న ఊరు పటాన్‌చెరు. రోజూ టార్గెట్ కొట్టనిదే ఇంటికి పోడు.

"కోఆర్డినేటర్ అంటే పెద్దదిక్కు కదండీ. మీరుండగా ఇంకెవరం ఉంటాం సార్!" అన్నాడు భార్గవ్.

"అవ్ సార్. పెద్దమనిషి ముంగట మేమెట్ల కూసుంటం?" అంది మధులత.

అంతే, రామ్మోహనరావు కాళ్లు నేలమీద నిలవలేదు. ఇంట్లో కంప్యూటర్ ఉంది కాబట్టి ఇంప్లిమెంటర్ భార్గవ్ అన్నారు. చేతిరాత గుండ్రంగా ఉంటుంది కాబట్టి మధులత అన్నీ రాసిపెడుతుందన్నారు. ఇక మిగిలింది క్రిటిక్. ఎవరికీ వద్దు. ఆలస్యంగా వచ్చిన రాఘవేందర్ నెత్తిన పెట్టారు. "నేనేం జేసిన భాయ్!" అని వాడు లబలబలాడాడు. నవ్వి ఊరుకున్నారు.

అమీర్‌పేటకి వచ్చే విద్యార్థి ఏం చూసి కోచింగ్ సెంటర్లో చేరతాడన్నది వాళ్ల విషయం. ఒక ప్రశ్నాపత్రం తయారుచేసి, పిల్లల్ని అడిగి, తేలింది రాయాలి. మధులత రెండ్రోజుల్లో ప్రశ్నలు రాసి తెచ్చింది. రామ్మోహనరావు ఎర్రపెన్సిలు తీశాడు.

ఇక చూస్కోండి! మొదటి ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయన్నాడు. మూడోది జవాబుని తనే చెప్పేస్తోందన్నాడు. ఆరోదానికి ఎదురుగా 'చర్చించవలెను' అని రాసి సంతకం పెట్టాడు, కింద తారీఖు కూడా వేశాడు. మధులత తిరగరాసి తెచ్చింది. మళ్లీ కొట్టేశాడు. భార్గవ్ ఉత్సాహంగా, "సార్, హాస్టళ్లకి కూడా వెళ్లి అడిగితే?" అన్నాడు. "హాస్టలు వార్డెన్ ఒప్పుకోకపోతే?" అన్నాడీయన. "పోనీ ఈమెయిల్లో పంపిద్దామండీ." "చూడకపోతే?" భార్గవ్ మూడో ఐడియా చెప్పబోయి మానుకుని, సమోసా తెచ్చుకుంటానని లేచిపోయాడు. రాఘవేందర్‌కి క్రిటిక్ పని ఇచ్చారు కదా, వాడికి తప్పు పట్టడానికి ఈయన ఏదీ మిగల్చలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మరీ ఘోరం ఏమిటంటే, ఆయన అడిగినవన్నీ న్యాయమైనవే. ఏ వంకా ఉత్తి వంక కాదు. అందుకే ఎవరూ కాదనలేకపోయారు.

అమీర్‌పేటలో కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు ఉచితంగా ఒక క్లాసు చెప్తారు. డెమో అంటారు దాన్ని. ఆ శనివారం మైత్రీవనంలో పెద్ద డెమోలు. జిల్లాల నుంచి దిగిన పిల్లలతో మెట్లమీద కాలుపెట్టే సందుండదు. ఆ పూట వెళ్లి అడిగితే కావలసినన్ని జవాబులు వచ్చేవి. శుక్రవారం మధులత ఆయన ఆఫీసుకి ఫోన్ చేసింది.

"సార్, రేపు డెమోలున్నయ్. ప్రశ్నలు జిరాక్స్ తీయించమంటరా?"

"ఎనిమిదో ప్రశ్న ఇంకా కుదరలేదమ్మా. సోమవారం కూర్చుందాం."

శనివారం వచ్చింది, వెళ్లింది. సోమవారం ఎనిమిదో ప్రశ్న కుదిరింది. మెట్లమీద అడగడానికి మనిషి లేడు.

ఆ వారంలోనే జానకీదేవి అందరి పనీ మధ్యలో చూస్తానని పిలిచింది. మిగతా గ్రూపులు లెక్కలు, బొమ్మలు పట్టుకొచ్చారు. వీళ్ల చేతిలో ప్రశ్నాపత్రం ఒక్కటే ఉంది. ఒక్క తప్పు లేదందులో, ఒక్క జవాబూ లేదు.

"ఇంతవరకు ఏం చేశారు? పని ఎక్కడ ఆగింది?" అంది జానకీదేవి.

రామ్మోహనరావు గొంతు సవరించుకునేలోపల మధులత లేచింది. "నేనే జర లేట్ చేసిన మేడమ్. డ్యూటీల ఉండి రాయలేకపోయిన." భార్గవ్ వెంటనే, "నా కంప్యూటర్ పాడైందండీ" అన్నాడు. రాఘవేందర్ ఏం చెప్పాలో తోచక, "నాకు జొరమొచ్చింది మేడమ్" అన్నాడు.

జానకీదేవి నలుగుర్నీ చూసింది. "వచ్చే శనివారం తర్వాత మళ్లీ చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే గ్రూపు విడదీసి, ఒక్కొక్కర్ని ఒక్కో గ్రూపులో వేస్తాను" అంది.

బయటికి వచ్చాక ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క మాటైనా అని ఉంటే ఆయనకి హాయిగా ఉండేది. ముగ్గురూ "గుడ్‌నైట్ సార్" అని చెప్పి వెళ్లి, వీధి మలుపులో ఆగి, వాళ్లలో వాళ్లు ఏదో గట్టిగా మాట్లాడుకోవడం కనిపించింది. పంజాగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవర్ పనుల దుమ్ములో బస్సు కోసం నిలబడి, నిజంగా సిగ్గుపడ్డాడు రామ్మోహనరావు. తన బిడ్డ వయసు పిల్లలు తనకోసం అబద్ధాలు ఆడారు. తమవాడనుకుని ఆడారా, పెద్దవాడని ఆడారా? పెద్దవాడనే. ఆ సంగతి ఆయనకి తెలుసు. గ్రూపు విడిపోతే తనని ఇంకెవరి నెత్తిన పడేస్తారో కూడా తెలుసు.

ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ వసుమతికి చెప్పాడు. ఆవిడ మజ్జిగ పోస్తూ విన్నది.

"పోయిన కార్తీకంలో అపార్ట్‌మెంట్ వాళ్లు వనభోజనాలకి మిమ్మల్ని పెద్దదిక్కుగా పెట్టారు, గుర్తుందా?" అంది.

"అదిప్పుడెందుకు?"

"చూసిన ప్రతి బస్సుకీ వంక పెట్టారు. టైరు అరిగిందన్నారు, డ్రైవర్ కళ్లు ఎర్రగా ఉన్నాయన్నారు. ఆఖరికి పై అంతస్తు స్వరాజ్యం గారు ఒక్క ఫోన్ చేసి బస్సు తెప్పించింది. అవునా?"

"ఆవిడ తెప్పించిన బస్సుకి హారన్ లేదు."

"సరే! కానీ అక్కడికెళ్లాక డ్రమ్ములో నీళ్లు చూసి, ఎవరూ తాగొద్దన్నది ఎవరు? పక్క అపార్ట్‌మెంట్ వాళ్లందరూ ఆ నీళ్లే తాగి మంచమెక్కారు. మనవాళ్లెవరికీ ఏమీ కాలేదు. మీరుండాలండీ, ఖచ్చితంగా ఉండాలి. బస్సు మాట్లాడే దగ్గర మాత్రం వద్దు." అని మజ్జిగ గిన్నె పక్కన పెట్టింది.

కోపం వచ్చింది ఆయనకి. కాసేపటికి నవ్వొచ్చింది. జానకీదేవి చెప్పిన నోట్సు తీసి మళ్లీ చదివాడు. కోఆర్డినేటర్ గురించి రాసుకున్నవి ఒక్కొక్కటీ చూసుకున్నాడు. అందరిచేతా మాట్లాడించాలి, తను మాట్లాడించలేదు. పని పంచాలి, తను తిరిగి లాక్కున్నాడు. కింద క్రిటిక్ గురించి ఉంది: తొందరపడడు, పొంగిపోడు, లోటు వెతికి పట్టుకుంటాడు. 'ఓరి నాయనో, ఇది నా సర్వీసు రిజిస్టరే కదా' అనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం ముగ్గుర్నీ అమీర్‌పేటలో మిర్చిబజ్జీ బండి దగ్గరికి రమ్మన్నాడు. క్యాంటీన్ వద్దు, అక్కడ కుర్చీలుంటాయి, వీళ్లు లేచి నిలబడతారు. బండి దగ్గరైతే అందరూ నిలబడే తినాలి.

"నేను కోఆర్డినేటర్‌గా తప్పుకుంటున్నాను" అన్నాడు.

"అయ్యో, అదేంటండీ సార్!" అన్నాడు భార్గవ్.

"అరె, గట్లంటెట్ల సార్? మీరే ఉండాలె" అన్నాడు రాఘవేందర్.

"లేదు సార్, మీరుంటేనే మాకు ధైర్యం" అన్నాడు మళ్లీ భార్గవ్.

చూశారా మర్యాద! మనిషిని మునిగిపోనిస్తారు గానీ కాదనరు. రామ్మోహనరావుకి ఒళ్లు మండింది. "ఏమయ్యా, నిన్న వీధి మలుపులో నిలబడి మీరు నన్ను పొగుడుతున్నారా?" అన్నాడు.

ముగ్గురి మొహాల్లో నెత్తురు చుక్క లేదు. చివరికి మధులత బజ్జీ కాగితం బండిమీద పెట్టి, చెయ్యి తుడుచుకుంది.

"సార్, కోపం జెయ్యొద్దు. ఒక మాట చెప్పాల్నా?"

"చెప్పమ్మా. అందుకే కదా పిలిచింది."

"మీరు పట్టే తప్పులు మస్తు కరెక్టుగుంటయ్ సార్. నేను ఎన్నడు అబద్ధమనలే. కాని అన్నం పొయ్యి మీద వెట్టకముందే ఉడకలేదంటె ఎట్ల? భార్గవ్ నోరు తెరిస్తే మీరు మూస్తున్రు. నేను రాస్తె కొట్టేస్తున్రు. ఒక్కసారి చేయనియ్యుండ్రి. చేసినంక మీ ఇష్టమొచ్చినట్టు తిట్టుండ్రి. అప్పుడు మేం సుత వింటం."

అని, ఎక్కువ మాట్లాడానేమోనని నాలుక కరుచుకుంది. రామ్మోహనరావు ఆమెని తేరిపార చూశాడు. ఆ కాలేజీలో చేరాక తనతో ఎవరైనా మనసు విప్పి మాట్లాడారంటే ఈ అమ్మాయే మొదట. కళ్లు చెమ్మగిల్లాయి, కారం మీదికి నెట్టేశాడు.

"సరే. మరి కోఆర్డినేటర్ ఎవరు?" అన్నాడు.

"ఆమెనే" అన్నాడు రాఘవేందర్ వెంటనే. "రోజంతా ఆమె పని గదే కద సార్. సార్లకి టైము కుదరదు, పోరగాళ్లకి బ్యాచ్ కుదరదు, అందర్ని ఒకతాన కూసోవెడ్తది."

"నీకేమో ఇచ్చిన పని చేసుకొచ్చే గుణం. నువ్వు ఇంప్లిమెంటర్‌వి" అంది మధులత, అప్పుడే అధికారం చేతికొచ్చినట్టు. "భార్గవ్, నీకు ఐడియాలు. లెక్కలు కంప్యూటర్‌కెక్కించేది సుత నువ్వే, కాని తారీఖు నేను చెప్త, ఆ రోజుకి అయిపోవాలె."

"మరి నేను?" అన్నాడు రామ్మోహనరావు, తెలిసి కూడా.

"మీరు క్రిటిక్ సార్. ఒక్కటే షరతు. ఐడియాలప్పుడు మీరు మాట్లాడొద్దు. పని మధ్యల మాట్లాడొద్దు. జవాబులొచ్చినంక ఒక పూటంతా మీదే."

ఆ పూటే మొదటి పరీక్ష వచ్చింది. భార్గవ్ మళ్లీ హాస్టళ్ల సంగతి ఎత్తాడు, తర్వాత డెమో క్లాసుల సంగతి ఎత్తాడు, ప్రశ్నలు సగానికి తగ్గిద్దామన్నాడు. రామ్మోహనరావు నోటిదాకా వచ్చిన మాటని ఆపుకోవడానికి ఇంకో బజ్జీ నోట్లో కుక్కుకున్నాడు. దాని వెనక ఇంకోటి. ఆ రాత్రి కడుపుమంటకి వసుమతి జీలకర్ర నీళ్లు ఇవ్వాల్సి వచ్చింది. అయితేనేం, భార్గవ్ ఐదు ఐడియాలు చెప్పాడు, అందులో రెండు పనికొచ్చాయి.

రాఘవేందర్ పని మొదలుపెట్టాడంటే చూడముచ్చట. మధులత సెంటర్లో క్లాసులు వదిలే వేళకి వెళ్లి, వచ్చిన ప్రతివాణ్ణీ "అన్నా, రెండు నిమిషాలు" అని పట్టుకున్నాడు. శుక్రవారానికల్లా కట్టెడు జవాబులు. భార్గవ్ మధులత చెప్పిన వేళకి లెక్కలు ఎక్కించాడు, ఫోన్ చేసి మూడుసార్లు గుర్తుచేస్తే గానీ కాదనుకోండి. పాఠం చెప్పే ఫ్యాకల్టీ పేరు చూసే పిల్లలు చేరుతున్నారని తేలింది. ముగ్గురూ చప్పట్లు కొట్టుకున్నారు.

"ఇగ సార్ పూట" అంది మధులత.

రామ్మోహనరావు కాగితాలన్నీ ముందేసుకున్నాడు. ఎర్రపెన్సిలు తీయలేదు. ఒకటికి రెండుసార్లు చదివి, మెల్లగా అడిగాడు.

"వీళ్లందర్నీ ఎక్కడ అడిగావు బాబూ?"

"మధులతక్క సెంటర్ల సార్. క్లాసులైనంక."

"అంటే చేరినవాళ్లనే అడిగావు. చేరినవాడు ఫ్యాకల్టీ బాగుందనక ఏమంటాడు? అందుకే కదా చేరాడు. డెమో విని, చేరకుండా వెళ్లిపోయినవాడి సంగతో? వాణ్ణి అడగకుండా విద్యార్థి ఏం చూసి చేరతాడో మనకెలా తెలుస్తుంది?"

రాఘవేందర్ తల గోక్కున్నాడు. "నిజమే కద! నాకెందుకు తట్టలే?" అన్నాడు. భార్గవ్ లెక్కల కాగితం వంక చూసి, "సార్, ఇదంతా వేస్టా అండీ?" అన్నాడు దీనంగా.

"వేస్టెందుకవుతుందయ్యా! ఇది సగం. ఇంకో సగం తెచ్చి పక్కన పెట్టాలి. రేపు శనివారం, డెమోలున్నాయి."

"ఒక్క పూటల రెండు మూడు సెంటర్ల మెట్లకాడ అడగాలె" అని లెక్కవేసింది మధులత. "నాకు డ్యూటీ ఉంది, నేను మా గేటుకాడ అడుగుత. రాఘవేందర్ ఎదురు బిల్డింగు, భార్గవ్ పక్క సందు. ఇంకొకలు కావాలె. సార్, మీరు క్రిటికే, కాని రేపు మనిషి తక్కువున్నడు. వస్తరా?"

"వస్తానమ్మా" అన్నాడు. ఆమె ఆజ్ఞాపిస్తే ఎంత బాగుందో ఆయనకే వింతగా తోచింది.

శనివారం పొద్దున మైత్రీవనం మెట్లమీద రామ్మోహనరావు ఇస్త్రీ చొక్కాతో నిలబడ్డాడు. మొదటి పావుగంటలోనే ఆయన చేతిలో బోలెడు కరపత్రాలు పడ్డాయి. "అంకుల్, ఒరాకిల్ నేర్చుకుంటారా? ఏ వయసుకైనా ఉద్యోగం గ్యారంటీ!" అన్నాడొక కుర్రాడు. కరపత్రంలో రెండు అచ్చుతప్పులు చూపించి వాణ్ణి పంపేశాడు. తర్వాత డెమో విని మొహం వేలాడేసుకుని దిగుతున్న ఒక పిల్లవాణ్ణి ఆపి, "ఏం బాబూ, చేరలేదా?" అన్నాడు.

"క్లాసు బాగుంది సార్. కాని పొద్దున బ్యాచ్ అంట. నాకు పొద్దున డ్యూటీ ఉంటది."

ఇంకో అమ్మాయి సాయంత్రం బ్యాచ్ అయితే హాస్టల్ గేటు మూసేస్తారంది. మరొకడికి ఊరికి ఆఖరి బస్సు తప్పిపోతుందట. మధ్యాహ్నం అందరూ కలిసి చూసుకుంటే నాలుగు చోట్లా అదే మాట. చేరినవాళ్లు ఫ్యాకల్టీ పేరు చెప్పారు, చేరనివాళ్లు బ్యాచ్ వేళ కుదరలేదన్నారు. సెంటర్లేమో ఉన్న డబ్బంతా ఫ్యాకల్టీ పేరుతో బోర్డులకి పోస్తున్నాయి.

"ఇన్నేండ్ల నుంచి ఆ బల్లకాడ కూసుంటున్న, చేరినోళ్ల మొఖాలే చూసిన" అంది మధులత ఆశ్చర్యంగా.

తర్వాతి వారం క్లాసందరి ముందూ రిపోర్టు చదివారు. రాఘవేందర్ ఎలా అడిగారో చెప్పాడు, భార్గవ్ తెరమీద బొమ్మలు చూపించాడు. జానకీదేవి నిలదీసింది. "చేరినవాళ్లనే అడిగితే జవాబు ఒకవైపే వస్తుంది కదా?" అంది. "అది మేం ముందే దొరకబట్టినం మేడమ్. మా సార్ దొరకబట్టిండు" అని రాఘవేందర్ రెండో బొమ్మ చూపించమన్నాడు. క్లాసులో ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి రామ్మోహనరావుని చూశారు.

పాత్రల సంగతి మధులత చెప్పింది. ముందు వయసుని చూసి, కంప్యూటర్‌ని చూసి, చేతిరాతని చూసి పంచుకున్నామని, పని ఆగిపోయిందని, తర్వాత స్వభావం చూసి మార్చుకున్నామని దాచకుండా చెప్పింది. "క్రిటిక్ మొదట్ల మాట్లాడితే ఐడియా చస్తది మేడమ్. అసలు మాట్లాడకుంటే రిపోర్టు చస్తది. అందుకే ఆయనకొక వేళ వెట్టినం. మనిషి తక్కువైననాడు ఆయనే మెట్లమీద నిలవడి అడిగిండు" అంది.

"ఏమండీ రామ్మోహనరావు గారూ, కోఆర్డినేటర్ పదవి పోయినందుకు బాధగా లేదూ?" అని నవ్వింది జానకీదేవి.

"ఉండేది మేడమ్. మెట్లమీద నన్ను ఒరాకిల్‌లో చేరమన్నారు, అప్పట్నుంచి లేదు" అన్నాడాయన. క్లాసంతా గొల్లుమంది. ఆయన ఉన్నా వాళ్లు నవ్వు ఆపలేదు. మంచి మార్కులే వచ్చాయి.

అంతటితో అయిపోతే ఈ కథ చెప్పనక్కర్లేదు. మూడో సెమిస్టర్ మొదటివారంలోనే ఇంకో లెక్చరర్ ఇంకో అసైన్‌మెంట్ ఇచ్చి, కొత్తగా గ్రూపులు కట్టుకోమన్నాడు. మళ్లీ కుర్చీలు ఈడ్చిన గోల. రామ్మోహనరావు తలుపు వైపు చూశాడు. పాతవాళ్లు ముగ్గురూ ఇంకా రాలేదు, పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఎక్కడో ఇరుక్కున్నట్టున్నారు. వాళ్లు వచ్చినా తనని అడుగుతారని ఏముంది? ఒకసారి అంటే మేడమ్ వేసింది కాబట్టి సర్దుకున్నారు.

ఇంతలో ముందు వరసలోంచి ప్రమోద్ అనే కుర్రాడు వచ్చాడు. బ్యాంకు ఉద్యోగి, మర్యాదస్తుడు.

"సార్, మా గ్రూపులోకి రండి. పెద్దవారు, మీరే మా కోఆర్డినేటర్. మీరు ఎలా చెప్తే అలా" అన్నాడు చేతులు కట్టుకుని.

ఆరునెలల కింద అయితే ఆ మాటకి ఎగిరి గంతేసేవాడు. ఇప్పుడూ కాస్త ఆశపడలేదంటే అబద్ధం. ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగానే తలుపు భళ్లున తెరుచుకుంది. మధులత చెమటలు కక్కుతూ లోపలికొచ్చింది. వెనకాల భార్గవ్, రాఘవేందర్. ఆమె చుట్టూ చూసి, ప్రమోద్‌ని చూసి, విషయం పట్టేసింది.

"ఓ ప్రమోద్, జర ఆగు! సార్ మా మనిషి" అని అక్కణ్ణుంచే కేకేసింది. దగ్గరికొచ్చి తన సంచీ ఆయన పక్క కుర్చీలో పడేసింది. ఆయన రమ్మనేదాకా ఆగలేదు, మునుపటిలా ఎవరూ ఒద్దికగా సర్దుకుని కూర్చోలేదు. "ఏంది సార్, మేం జర లేటైతే పోయి పక్కోళ్లతోని మాట్లాడుతున్రా? మిమ్మల్ని కోఆర్డినేటర్ చేస్తమని ఆశ వెట్టిండా?"

"పెట్టాడమ్మా" అన్నాడు రామ్మోహనరావు.

"మా దగ్గర గదేం లేదు సార్. తప్పులు పట్టే పనే. వస్తరా, రారా?"

ఆయన ప్రమోద్ వైపు తిరిగి, "ఏమీ అనుకోకు నాయనా, మావాళ్లు వచ్చేశారు" అన్నాడు. బ్యాగు ఒళ్లోకి తీసుకుని, భార్గవ్ కూర్చోవడానికి కుర్చీ జరిపాడు. తర్వాత మధులత చెవిదగ్గరికి వంగి, మెల్లగా అడిగాడు.

"ఈసారి నన్ను ఎప్పట్నుంచి మాట్లాడనిస్తావమ్మా?"